ఐదు డైరెక్ట్ కాల్స్ తీసేసి కాఫ్కా టాపిక్ పెట్టమంటున్నారు, నిజంగా అవసరమా?

బెజవాడ_బ్యాకెండ్
మాది మందులు, కిరాణా ఇంటికి చేర్చే యాప్. ఆర్డర్ సర్వీస్ స్ప్రింగ్ బూట్‌లో ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కస్టమర్ ఆర్డర్ పెట్టగానే ఆ సర్వీస్ వరసగా ఐదు చోట్లకి రెస్ట్ కాల్ చేస్తుంది: స్టాక్, పేమెంట్, ఎస్సెమ్మెస్, ఇన్వాయిస్, రివార్డ్ పాయింట్లు. ఇన్నాళ్ళూ బానే నడిచింది. దసరా ఆఫర్ సాయంత్రం మేం వాడే ఎస్సెమ్మెస్ గేట్‌వే నెమ్మదించింది. పడిపోలేదు, నెమ్మదించింది అంతే. దాంతో ఆర్డర్లే ఆగిపోయాయి. కస్టమర్‌కి యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, డబ్బులు మాత్రం కట్ అయ్యాయి.

ఇప్పుడు మా లీడ్ "కాఫ్కా అనే మెసేజ్ బ్రోకర్ పెట్టి అంతా ఈవెంట్-డ్రివెన్ చేసేద్దాం, ఒక టాపిక్‌లో ఈవెంట్ పడేస్తే కావాల్సినవాళ్ళు వింటారు" అంటున్నారు. ఒక్క ఎస్సెమ్మెస్ కోసం ఇంత సరంజామా ఎందుకో నాకు అర్థం కావట్లేదు. టైమౌట్ తగ్గిస్తే సరిపోదా? ఇది రెజ్యూమె కోసం చేసే పని అని నా అనుమానం.

వరంగల్_వాడు
రెజ్యూమె-డ్రివెన్ ఆర్కిటెక్చర్ అన్నమాట. మా దగ్గర అది ప్రొడక్షన్‌లో ఉంది, అప్‌టైమ్ అదుర్స్.

మణికొండ_మైక్రో
మీ లీడ్ చెప్పింది కరెక్టే బ్రో. డైరెక్ట్ కాల్స్ అంటే టైట్ కప్లింగ్. మైక్రోసర్వీసెస్‌లో అసలు ఒక సర్వీస్ ఇంకోదాన్ని పిలవకూడదు. స్టాక్, పేమెంట్‌తో సహా అన్నీ ఈవెంట్స్ చేసెయ్యండి. పైగా కాఫ్కాలో ఎగ్జాక్ట్‌లీ-వన్స్ ఉంది, మెసేజ్ పోదు, రెండుసార్లు రాదు. ఇంక టెన్షన్ ఏముంది?

పాతసర్వర్
బెజవాడ, ఆ రోజు సెకనుకి ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎస్సెమ్మెస్ కాల్ టైమౌట్ ఎంత పెట్టారు? అది తెలియకుండా ఎవరు ఏం చెప్పినా గాలి మాటే.

బెజవాడ_బ్యాకెండ్
పీక్‌లో సెకనుకి సుమారు 20. టైమౌట్ 30 సెకన్లు. మామూలుగా ఐదు కాల్సూ కలిపి ఒక సెకనులో అయిపోతాయి.

పాతసర్వర్
అయితే లెక్క కట్టు. స్ప్రింగ్ బూట్ లోపలుండే టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా 200 థ్రెడ్లు ఇస్తుంది. సెకనుకి 20 ఆర్డర్లు, ఒక్కోటీ ఒక సెకను పడితే ఒకేసారి 20 థ్రెడ్లు పనిలో ఉంటాయి, మిగతావి ఖాళీ. గేట్‌వే నెమ్మదించి ప్రతి ఆర్డరూ 30 సెకన్లు ఆగితే 20 × 30, అంటే 600 థ్రెడ్లు కావాలి. ఉన్నవి 200. పది సెకన్లలో అవన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత 200 థ్రెడ్లు 30 సెకన్లకి ఒకసారి ఖాళీ అవుతాయి కాబట్టి సెకనుకి ఆరేడు ఆర్డర్లే లోపలికి వెళ్తాయి, మిగతావి క్యూలో నిలబడతాయి. స్టాక్, పేమెంట్ సర్వీసులు చక్కగా పని చేస్తున్నా సరే.

పడిపోయిన సర్వీస్ నయం, వెంటనే ఎర్రర్ ఇస్తుంది. నెమ్మదించిన సర్వీస్ నీ థ్రెడ్లని పట్టుకుని కూర్చుంటుంది. టైమౌట్ 2 సెకన్లు చేస్తే 20 × 3, అరవై థ్రెడ్లతో బతికిపోతారు. అంతవరకు నీ అనుమానం కరెక్టే, కాఫ్కా అక్కర్లేదు.

బెజవాడ_బ్యాకెండ్
చూశారా! ఇదే మా లీడ్‌కి పంపిస్తా.

పాతసర్వర్
ఆగు. 2 సెకన్ల తర్వాత టైమౌట్ అయిన ఆ ఎస్సెమ్మెస్ సంగతేంటి? అది ఎవరు పంపుతారు?

బెజవాడ_బ్యాకెండ్
అదొకటుంది. ఆ ఎస్సెమ్మెస్‌లోనే డెలివరీ ఓటీపీ ఉంటుంది. అది లేకపోతే డెలివరీ అబ్బాయి సరుకు ఇవ్వడు. రీట్రై పెడతాం, `@Async` తో వేరే థ్రెడ్‌లో.

లాగ్స్_లక్ష్మి
ఆ వేరే థ్రెడ్ ఉండేది అదే ప్రాసెస్ మెమరీలో కదా. రీట్రైల కోసం కొన్ని వందల ఎస్సెమ్మెస్‌లు క్యూలో ఉండగా ఎవరో డిప్లాయ్ బటన్ నొక్కుతారు, పాడ్ రీస్టార్ట్ అవుతుంది, అవన్నీ గాలికి. ఎర్రర్ కూడా ఉండదు, ఎక్కడా రాసి లేవు కాబట్టి ఏవి పోయాయో కూడా తెలీదు. నేను ఆన్-కాల్ చూసే మనిషిని, ఈ రకం పోవడమే నాకు అన్నిటికంటే భయం.

టాపిక్‌తో నిజంగా మారేది ఇది. ఆర్డర్ సర్వీస్ "ఫలానా ఆర్డర్ పడింది" అని బ్రోకర్ డిస్క్ మీద రాయించి తన పని తాను చూసుకుంటుంది. గేట్‌వే గంటసేపు నెమ్మదిగా ఉన్నా ఆర్డర్లు నడుస్తాయి, ఎస్సెమ్మెస్ సర్వీస్ వెనకబడుతుంది, తర్వాత అందుకుంటుంది.

యాప్_కుర్రాడు
మేం ఆండ్రాయిడ్ యాప్‌లో యూజర్లని టాపిక్‌కి సబ్‌స్క్రైబ్ చేయిస్తాం, ఫైర్‌బేస్ నుంచి నోటిఫికేషన్ పంపితే అందరికీ పోతుంది. ఇదీ అదేనా? అయితే ఎస్సెమ్మెస్ ఎందుకు, పుష్ నోటిఫికేషన్‌లోనే ఓటీపీ పంపేయండి.

వరంగల్_వాడు
తమ్ముడూ, ఇక్కడ సబ్‌స్క్రైబ్ చేసేది యూజర్లు కాదు, సర్వర్లు. పబ్లిష్-సబ్‌స్క్రైబ్ అనే ఐడియా ఒకటే, ఇల్లు వేరు. ఇక మా అమ్మకి పుష్ నోటిఫికేషన్ వస్తే అది ప్రకటన అనుకుని తుడిచేస్తుంది.

డల్లాస్_డీబీఏ
లక్ష్మి గారు చెప్పిన దానికి కాఫ్కానే ఎందుకు? ఓటీపీ పోకూడదంటే ఉన్న పోస్ట్‌గ్రెస్‌లోనే `pending_sms` అని ఒక టేబుల్ పెట్టి, ఒక జాబ్ దాన్ని చదివి పంపితే సరి. సెకనుకి 20 అంటే పోస్ట్‌గ్రెస్‌కి ఆవలింత కూడా రాదు. కొత్తగా క్లస్టర్ మెయింటైన్ చేసే బాధ ఎవరు పడతారు?

పాతసర్వర్
డల్లాస్ చెప్పింది చిన్న టీమ్‌కి మంచి సలహా. ఎస్సెమ్మెస్ ఒక్కటే సమస్య అయితే నేనూ అదే చేస్తా.

కానీ ఆర్డర్ పడిందన్న సంగతి ఎంతమందికి కావాలి అన్నది అడగాలి. ఇవాళ ముగ్గురు: ఎస్సెమ్మెస్, ఇన్వాయిస్, పాయింట్లు. రేపు మోసాలు చూసే టీమ్ వస్తుంది, ఎల్లుండి రిపోర్టుల వాళ్ళు. డైరెక్ట్ కాల్ అయితే ప్రతి కొత్తవాడి కోసం ఆర్డర్ సర్వీస్ కోడ్ మారాలి, వాడి అడ్రస్ తెలియాలి, వాడు పడిపోతే ఏం చేయాలో ఆర్డర్ టీమే తేల్చాలి. టాపిక్ అయితే ఆర్డర్ సర్వీస్‌కి వాళ్ళున్నారనే తెలియదు. దండోరా వేసేవాడికి ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు పొలంలో ఉన్నారో అనవసరం. కాకపోతే ఇక్కడ పొలం నుంచి వచ్చినవాడు కూడా ఆగిన చోటు నుంచి వినొచ్చు.

బెజవాడ_బ్యాకెండ్
నిజమే, మోసాల టీమ్ ఆల్రెడీ టికెట్ వేసి కూర్చుంది. "మాక్కూడా ఒక కాల్ చెయ్యండి" అని. మేమే వాయిదా వేస్తున్నాం.

మరి మణికొండ అన్నట్టు స్టాక్, పేమెంట్ కూడా టాపిక్‌లోకి పోవాలా?

పాతసర్వర్
నా కొలత ఒకటే. కస్టమర్‌కి "ఆర్డర్ కన్ఫర్మ్" అని చూపించే ముందు నీకు జవాబు కావాలా? కావాలంటే అది ప్రశ్న, డైరెక్ట్‌గా అడుగు. స్టాక్ ఉందా, డబ్బు కట్టారా, ఈ రెండూ ప్రశ్నలు. ఇన్వాయిస్ తయారైందా అని తెలుసుకోవడానికి కస్టమర్ ఆ స్క్రీన్ మీద నిలబడక్కర్లేదు. కాబట్టి మొదటి రెండూ కాల్స్‌గా ఉంచు, గట్టి టైమౌట్లతో. మిగతా మూడూ టాపిక్‌కి.

మణికొండ_మైక్రో
ఒప్పుకోను. పెద్ద సైట్లలో "ఆర్డర్ అందుకున్నాం" అని ముందు చెప్పి, కన్ఫర్మేషన్ తర్వాత పంపుతారు. స్టాక్ కూడా ఈవెంట్ ద్వారా రిజర్వ్ చేసి, లేకపోతే క్యాన్సిల్ ఈవెంట్ వేస్తే డబ్బు వాపస్ పోతుంది. దాన్ని సాగా అంటారు. స్టాక్ సర్వీస్ పడిపోయినా ఆర్డర్లు తీసుకోవచ్చు.

లాగ్స్_లక్ష్మి
తీసుకోవచ్చు. చీరలమ్మే సైట్ అయితే నేనూ ఊఁ అంటా. ఇక్కడ మందులు. రాత్రి పదింటికి ఇన్సులిన్ ఆర్డర్ పెట్టి, అందుకున్నాం అని చూసి పడుకున్న మనిషికి అరగంట తర్వాత "క్షమించండి, స్టాక్ లేదు" అని మెసేజ్ పోతే? అప్పుడే చెప్తే పక్క షాపుకి పోయేవాడు.

మణికొండ_మైక్రో
అది బిజినెస్ నిర్ణయం, ఆర్కిటెక్చర్ కాదు.

పాతసర్వర్
బిజినెస్ నిర్ణయాన్ని బట్టే ఆర్కిటెక్చర్. ఇది ఇక్కడ తేలదు, బెజవాడ వాళ్ళ ప్రొడక్ట్ మేనేజర్ తేల్చాలి. ముందుకు పోదాం, అసలు గొయ్యి ఇంకా రాలేదు.

బెజవాడ, ఆర్డర్‌ని డేటాబేస్‌లో రాస్తావు, ఈవెంట్‌ని కాఫ్కాలో రాస్తావు. ఏది ముందు?

బెజవాడ_బ్యాకెండ్
డేటాబేస్ కమిట్ అయ్యాక కాఫ్కాకి పంపుతా.

పాతసర్వర్
కమిట్ అయింది, పంపబోయే లోపల పాడ్ చచ్చిపోయింది. ఆర్డర్ ఉంది, ఈవెంట్ లేదు. ఓటీపీ ఎప్పటికీ పోదు.

యాప్_కుర్రాడు
అయితే ముందు కాఫ్కాకి పంపి తర్వాత కమిట్ చేస్తే?

డల్లాస్_డీబీఏ
కమిట్ ఫెయిలై రోల్‌బ్యాక్ అయితే లేని ఆర్డర్‌కి ఎస్సెమ్మెస్ పోతుంది, ఇన్వాయిస్ కూడా వస్తుంది. పోస్ట్‌గ్రెస్, కాఫ్కా రెండూ వేర్వేరు ఇళ్ళు, రెండింటికీ కలిపి ఒకే ట్రాన్సాక్షన్ మామూలుగా దొరకదు. వరస ఎటు మార్చినా మధ్యలో ఒక సందు మిగులుతుంది.

అందుకే నేను పైన చెప్పిన టేబుల్ మళ్ళీ వస్తుంది. దాన్ని ఔట్‌బాక్స్ అంటారు:

```sql
BEGIN;
INSERT INTO orders (id, customer_id, amount)
VALUES (:order_id, :customer_id, :amount);
INSERT INTO outbox (event_id, topic, msg_key, payload)
VALUES (:event_id, 'order-placed', :order_id, :payload);
COMMIT;
```

రెండూ ఒకే డేటాబేస్, ఒకే కమిట్. ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. తర్వాత వేరే ప్రాసెస్ ఆ టేబుల్ చదివి కాఫ్కాకి పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. ఆ గుర్తుకి `sent_at` కాలమ్ పెట్టుకోండి. "చివరిగా చదివిన నంబర్ కంటే పెద్దవి తీసుకురా" అని రాయకండి. నంబర్ 41 తీసుకున్న ట్రాన్సాక్షన్ ఆలస్యంగా కమిట్ అయి, 42 ముందే కమిట్ అయితే, మీ ప్రాసెస్ 42 చదివి ముందుకెళ్ళిపోతుంది. 41 ఎప్పటికీ పోదు. లోడ్ ఎక్కువున్న రోజే ఇది జరుగుతుంది, టెస్టింగ్‌లో ఒక్కసారి కూడా కనపడదు.

బెజవాడ_బ్యాకెండ్
ఈ పని డెబీజియం చేస్తుందంటారు కదా, టేబుల్‌ని పోల్ చెయ్యకుండా?

డల్లాస్_డీబీఏ
చేస్తుంది, పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే వాల్ లాగ్‌ని నేరుగా చదువుతుంది. కమిట్ అయిన వరసలోనే వస్తాయి కాబట్టి పైన చెప్పిన 41-42 గొడవ లేదు. కానీ కనెక్టర్ ఆగిపోయి ఎవరూ చూడకపోతే దాని రెప్లికేషన్ స్లాట్ కోసం పోస్ట్‌గ్రెస్ పాత వాల్ ఫైళ్ళు దాచిపెడుతూనే ఉంటుంది. చివరికి డిస్క్ నిండి డేటాబేసే ఆగుతుంది. `max_slot_wal_keep_size` కి డిఫాల్ట్ -1, అంటే హద్దు లేదు. డెబీజియం పెట్టేవాళ్ళు ముందు ఆ డిస్క్ మీద అలర్ట్ పెట్టండి.

వరంగల్_వాడు
ఎస్సెమ్మెస్ నెమ్మదిస్తే ఆర్డర్లు ఆగకూడదని మొదలెట్టి, ఎస్సెమ్మెస్ కనెక్టర్ ఆగితే డేటాబేసే ఆగే దగ్గరికి వచ్చాం. సూపర్.

మణికొండ_మైక్రో
ఇదంతా ఎందుకు, కాఫ్కాలో ఐడెంపొటెంట్ ప్రొడ్యూసర్ ఉంది, 3.0 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. ఎగ్జాక్ట్‌లీ-వన్స్ అని మొదటే చెప్పాను.

పాతసర్వర్
సగం నిజం. ఆ ప్రొడ్యూసర్ చేసేది, నెట్‌వర్క్ తడబడి తానే రీట్రై చేసినప్పుడు బ్రోకర్‌లో అదే మెసేజ్ రెండుసార్లు పడకుండా చూడటం. ఔట్‌బాక్స్ ప్రాసెస్ పంపేసి, `sent_at` రాసేలోపు చచ్చిపోతే మళ్ళీ లేచి మళ్ళీ పంపుతుంది. కాఫ్కా దృష్టిలో అది కొత్త మెసేజే. ఇక కాఫ్కా ట్రాన్సాక్షన్లు కాఫ్కా నుంచి చదివి కాఫ్కాలోనే రాసే పనికి పనికొస్తాయి. ఎస్సెమ్మెస్ గేట్‌వే ఆ ట్రాన్సాక్షన్‌లో లేదు. పంపిన ఎస్సెమ్మెస్‌ని రోల్‌బ్యాక్ చెయ్యలేవు కదా.

వినే ప్రతివాడూ "ఇది రెండోసారి రావచ్చు" అనుకునే కోడ్ రాయాలి. వేరే దారి లేదు.

లాగ్స్_లక్ష్మి
రెండోసారి కాదు, ఆరోసారి కూడా వస్తుంది. నేను చూసిన కేసు చెప్తా. అక్కడ కూడా ఎస్సెమ్మెస్ కన్స్యూమరే, మామూలు రోజుల్లో ఒక్కో ఎస్సెమ్మెస్‌కి 200 మిల్లీసెకన్లు. కాఫ్కా కన్స్యూమర్ ఒక పోల్‌లో 500 మెసేజ్‌ల దాకా తెచ్చుకుంటుంది, అది `max.poll.records` డిఫాల్ట్. 500 తెచ్చినా వంద సెకన్లలో అయిపోతాయి, బాధ లేదు. ఒకరోజు గేట్‌వే నెమ్మదించి ఒక్కోటీ ఒక సెకను పట్టింది. బకాయి పేరుకుంది, ప్రతి పోల్‌లోనూ పూర్తిగా 500 రావడం మొదలైంది. అంటే 500 సెకన్లు, ఎనిమిది నిమిషాల పైమాట.

ఇటు `max.poll.interval.ms` డిఫాల్ట్ 5 నిమిషాలు. అప్పటికి మళ్ళీ పోల్ చెయ్యకపోతే ఈ కన్స్యూమర్ ఇరుక్కుపోయిందని తేల్చేసి గ్రూప్ నుంచి బయటికి పంపేస్తారు. దాని పార్టిషన్, అంటే టాపిక్‌లో అది చదివే భాగం, పక్క ఇన్‌స్టాన్స్‌కి పోతుంది. మొదటిది ఆఫ్‌సెట్, అంటే ఎక్కడిదాకా చదివిందో ఆ గుర్తు, కమిట్ చెయ్యలేదు, ఎందుకంటే బ్యాచ్ మొత్తం అయ్యాకే కమిట్. కాబట్టి రెండోది అదే 500ని మొదటి నుంచి మొదలెడుతుంది. దానికీ ఐదు నిమిషాలకి అదే గతి. గ్రూప్ బయటికి వెళ్ళినది కూడా చేతిలో ఉన్నవి పంపుతూనే ఉంటుంది కాబట్టి ఆ 500 మందికి ప్రతిసారీ ఎస్సెమ్మెస్ పోతూనే ఉంది, 501వ మనిషికి ఒక్కటీ పోలేదు. సీపీయూ మామూలే, మెమరీ మామూలే, పాడ్లన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తున్నాయి. లాగ్‌లో మాత్రం ఈ మాట పదే పదే:

```
consumer poll timeout has expired
```

దీన్ని లాగ్స్‌లో చూశారంటే బ్రోకర్‌ని తిట్టకండి, మీ ప్రాసెసింగ్ టైమ్ చూడండి.

బెజవాడ_బ్యాకెండ్
అక్కా, ఇది అచ్చం మా దసరా సాయంత్రమే. డైరెక్ట్ కాల్ తీసేసినా గేట్‌వే నెమ్మదితనం పోలేదు, చోటు మారిందంతే. ఎలా సరిచేశారు?

లాగ్స్_లక్ష్మి
`max.poll.records` ని 50కి తగ్గించారు, గేట్‌వే కాల్‌కి టైమౌట్ 3 సెకన్లు పెట్టారు. ఎంత ఘోరంగా ఉన్నా 150 సెకన్లు, ఐదు నిమిషాల లోపలే. అసలు మందు మాత్రం `event_id` మీద ఒక టేబుల్. ఆ ఈవెంట్‌కి పంపేశామా లేదా అని చూసి, పంపేసుంటే వదిలెయ్యడం.

చోటు మారిందంతే అన్నావు కదా, అది చిన్న సంగతి కాదు. ఆ రోజు ఎస్సెమ్మెస్‌లే గందరగోళం, ఆర్డర్లు ఒక్కటీ ఆగలేదు.

డల్లాస్_డీబీఏ
ఆ టేబుల్‌లోనూ వరస ముఖ్యం. ముందు టేబుల్‌లో రాసి తర్వాత ఎస్సెమ్మెస్ పంపితే, మధ్యలో చచ్చిపోతే ఎస్సెమ్మెస్ పోదు, పంపినట్టు మాత్రం రాసి ఉంటుంది. ముందు పంపి తర్వాత రాస్తే, అరుదుగా రెండుసార్లు పోతుంది. ఓటీపీ కాబట్టి రెండోదే నయం. ఒకే ఓటీపీ రెండుసార్లు వస్తే ఎవరూ గొడవ చెయ్యరు.

పాయింట్లకి ఈ సందిగ్ధం లేదు. పాయింట్లు ఉండేదీ డేటాబేస్‌లోనే కాబట్టి రెండింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టొచ్చు:

```sql
BEGIN;
INSERT INTO seen_events (event_id)
VALUES (:event_id) ON CONFLICT DO NOTHING;
-- 0 rows వస్తే కింది UPDATE వదిలెయ్యాలి
UPDATE wallet SET points = points + :pts
WHERE customer_id = :cid;
COMMIT;
```

యాప్_కుర్రాడు
మా యాప్‌లో ఒకసారి పాయింట్లు డబుల్ పడ్డాయి, ఎందుకో ఎవరూ చెప్పలేదు. యూజర్లు మాత్రం ఫైవ్ స్టార్ రేటింగ్‌లు ఇచ్చారు.

వరంగల్_వాడు
అది బగ్ కాదు, మార్కెటింగ్.

బెజవాడ_బ్యాకెండ్
ఇంకో డౌట్. ఒక టాపిక్‌ని ముగ్గురు వింటే ఒకడు చదివేసింది మిగతావాళ్ళకి మాయం కాదా? మేం ఇంతకుముందు రాబిట్ఎంక్యూ క్యూ వాడాం, అందులో ఒకడు తీసుకుంటే అయిపోయినట్టే.

మణికొండ_మైక్రో
కాదు. కాఫ్కాలో మెసేజ్ చదివినా పోదు, రిటెన్షన్ అయ్యేదాకా అలాగే ఉంటుంది, డిఫాల్ట్ 7 రోజులు. ఎవడు ఎక్కడిదాకా చదివాడో ఆ గుర్తు మాత్రం విడివిడిగా ఉంటుంది. ఒక్కో సర్వీస్‌కి ఒక్కో `group.id`. రాబిట్‌లో కూడా ఫ్యానౌట్ ఎక్స్ఛేంజ్ పెట్టి ముగ్గురికీ మూడు క్యూలు కడితే ముగ్గురికీ కాపీ అందుతుంది.

పాతసర్వర్
మణికొండ, ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు కరెక్ట్.

లాగ్స్_లక్ష్మి
ఆ `group.id` దగ్గర ఒక కేసు. ఇన్వాయిస్ టీమ్ తమ కన్స్యూమర్ రాసుకున్నారు. పాయింట్ల టీమ్ వాళ్ళ ప్రాజెక్ట్‌ని కాపీ కొట్టి మొదలెట్టారు, `application.yml` తో సహా. రెండు సర్వీసులకీ ఒకే `group.id`. కాఫ్కా ఏమనుకుంటుంది? ఇవి రెండూ ఒకే సర్వీస్ తాలూకు ఇన్‌స్టాన్స్‌లు అనుకుని పార్టిషన్లు పంచేసింది. 6 పార్టిషన్లలో 3 ఇన్వాయిస్‌కి, 3 పాయింట్లకి. దాదాపు సగం ఆర్డర్లకి ఇన్వాయిస్ లేదు, మిగతా సగానికి పాయింట్లు లేవు. ఎర్రర్ సున్నా, లాగ్ సున్నా.

కస్టమర్ కేర్‌కి ఫోన్లు వచ్చాకే తెలిసింది. ఇన్వాయిస్ ఉన్నవాళ్ళకి పాయింట్లు లేవు, పాయింట్లు ఉన్నవాళ్ళకి ఇన్వాయిస్ లేదు అని ఎవరో గమనించాక ఈ కమాండ్ కొట్టి చూశారు:

```
kafka-consumer-groups.sh --bootstrap-server localhost:9092 \
  --describe --group order-listener
```

HOST కాలమ్‌లో రెండు వేర్వేరు సర్వీసుల అడ్రస్‌లు ఒకే గ్రూప్ కింద కనిపించాయి. డైరెక్ట్ కాల్ అయితే ఈ తప్పు మొదటి ఐదు నిమిషాల్లో దొరికేది, 404 వచ్చేది.

వరంగల్_వాడు
ఇదే నాకు నచ్చంది. డైరెక్ట్ కాల్‌లో తప్పు జరిగితే ఎవడో ఒకడు అరుస్తాడు. ఇక్కడ అందరూ నిశ్శబ్దంగా సక్సెస్.

పాతసర్వర్
వరంగల్ జోక్‌గా అన్నా సీరియస్ పాయింటే. డైరెక్ట్ కాల్‌లో పిలిచినవాడికి జవాబు వస్తుంది, స్టాక్ ట్రేస్ వస్తుంది. టాపిక్‌లో పబ్లిషర్‌కి తెలిసేది బ్రోకర్ పుచ్చుకుందన్న సంగతి ఒక్కటే. ఆ తర్వాత ఎవరు చదివారు, చదివి ఏం చేశారు, అది నువ్వే కొలుచుకోవాలి. ఈ కొలిచే పనికి మనుషుల్లేకపోతే నేను టాపిక్ వద్దనే చెప్తా.

కనీసం రెండు పెట్టు. ప్రతి ఈవెంట్ హెడర్‌లో ఒక కోరిలేషన్ ఐడీ, అది అన్ని సర్వీసుల లాగ్స్‌లోనూ పడాలి. రెండోది లాగ్ మీద అలర్ట్.

యాప్_కుర్రాడు
లాగ్స్‌లో పడాలి, లాగ్ మీద అలర్ట్... రెండూ ఒకటే కాదా?

లాగ్స్_లక్ష్మి
రెండోది ఎల్-ఏ-జీ తమ్ముడూ, బకాయి. టాపిక్ చివర ఎక్కడుంది, కన్స్యూమర్ ఎక్కడిదాకా చదివాడు, ఆ తేడా. ఈ అలర్ట్‌ని మెసేజ్‌ల సంఖ్య మీద కాకుండా వయసు మీద పెట్టండి. బకాయి వెయ్యి అంటే పీక్‌లో యాభై సెకన్ల పని, తెల్లవారుజామున అయితే గంటల ఆలస్యం. "చదవని మెసేజ్‌లలో అన్నిటికంటే పాతది రెండు నిమిషాలు దాటింది" అంటే ఓటీపీ లేటవుతోందని నేరుగా అర్థమవుతుంది. పైన చెప్పిన `group.id` కేసుని మాత్రం ఇదీ పట్టుకోదు, అక్కడ బకాయి సున్నా. దానికి రాత్రి ఒకసారి ఆర్డర్ల లెక్కనీ ఇన్వాయిస్‌ల లెక్కనీ పోల్చే క్వెరీ పెట్టారు.

బెజవాడ_బ్యాకెండ్
మా లీడ్‌తో మాట్లాడాను. స్టాక్, పేమెంట్ డైరెక్ట్ కాల్స్‌గానే ఉంటాయి, టైమౌట్ 2 సెకన్లు. మిగతా మూడింటికి ఔట్‌బాక్స్, ఒక టాపిక్. డెబీజియం ఇప్పుడే వద్దు, పోలింగ్ జాబే. కాఫ్కా పెట్టాలా, పోస్ట్‌గ్రెస్ టేబుల్‌తోనే సరిపెట్టుకోవాలా అన్నది ఇంకా నలుగుతోంది. మోసాల టీమ్ వచ్చేది ఖాయమైతే కాఫ్కా అన్నారు.

ఒక్క విషయంలో మాకు గొడవ ఉంది. ఆయన ఈవెంట్ పేరు `SendOtpSms` అని పెడదామంటున్నారు, నేను `OrderPlaced` అంటున్నా.

పాతసర్వర్
నీ పక్షమే నేను. `SendOtpSms` అన్నావంటే అది ఆజ్ఞ, వినేవాడు ఎవడో నీకు తెలుసు, డైరెక్ట్ కాల్‌నే చుట్టు తిప్పి చేస్తున్నావు. ఇన్వాయిస్‌కి ఇంకోటి, పాయింట్లకి ఇంకోటి రాయాల్సి వస్తుంది.

డల్లాస్_డీబీఏ
నేను లీడ్ పక్షం. ఓటీపీ పోయి తీరాలి అన్నప్పుడు అది ఆజ్ఞే, దాన్ని జరిగిన సంగతి అని ముసుగు వెయ్యడమెందుకు? `OrderPlaced` అంటే ఎస్సెమ్మెస్ టీమ్ రేపు వినడం మానేసినా ఎవరినీ అడగలేరు.

మణికొండ_మైక్రో
క్యాన్సిల్ ఈవెంట్ కూడా ఉంటుందిగా? మెసేజ్ కీ ఆర్డర్ ఐడీ పెట్టండి. ఒకే కీ ఉన్నవి ఒకే పార్టిషన్‌లో పడతాయి, ఆ పార్టిషన్‌లో వరస తప్పదు. కీ పెట్టకపోతే `OrderCancelled` ముందొచ్చి `OrderPlaced` తర్వాత రావచ్చు.

డల్లాస్_డీబీఏ
రెండూ ఒకే టాపిక్‌లో ఉంటేనే. రెండు టాపిక్‌లు చేస్తే కీ ఒకటైనా వాటి మధ్య వరస ఉండదు. పోలింగ్ జాబ్ రెండు ఇన్‌స్టాన్స్‌లు నడిపినా అంతే, పంపే వరసే చెడుతుంది. ఒక్కటే నడపండి.

లాగ్స్_లక్ష్మి
బెజవాడ, కాఫ్కాకే వెళ్తే ఒకటి గుర్తుంచుకో. `auto.offset.reset` ని మోసాల టీమ్ `earliest` పెట్టుకుంటారు, పాత ఆర్డర్లూ కావాలని. దాన్ని ఎస్సెమ్మెస్ కన్స్యూమర్‌కి కూడా పెట్టి, ఎప్పుడో ఎవరో `group.id` కి "v2" తగిలిస్తే, కాఫ్కాకి అది కొత్త గ్రూప్. టాపిక్ మొదటి నుంచి చదువుతుంది, వారం రోజుల ఆర్డర్లకి ఓటీపీలు మళ్ళీ పోతాయి.

బెజవాడ_బ్యాకెండ్
ఆ `event_id` టేబుల్ ఉంటే ఆపదా?

లాగ్స్_లక్ష్మి
ఆపుతుంది, అందులో రికార్డులు వారం పాటు ఉంచితే. చాలామంది ఒక రోజుకే తుడిచేస్తారు. టాపిక్ రిటెన్షన్ కంటే ఎక్కువ రోజులు ఉంచు. ఈవెంట్ టైమ్ చూసి గంట దాటిన ఓటీపీ పంపకుండా కూడా ఒక చెక్ పెట్టెయ్.

వరంగల్_వాడు
వారం కింద తిన్న బిర్యానీకి ఇవాళ ఓటీపీ వస్తే మళ్ళీ తెస్తాడా?

యాప్_కుర్రాడు
మందులు, కిరాణా అన్నా. బిర్యానీ కాదు.